ఏడు శాతం బాండు, చేతికి ఎంత?

హనుమకొండలో ఒక ప్రభుత్వ కాలేజీ లెక్చరర్ ఉన్నారనుకుందాం. కూతురు ఈ ఏడాదే ఎనిమిదో తరగతిలో చేరింది. ఆ పిల్ల ఇంటర్ పూర్తి చేసేసరికి సరిగ్గా అయిదేళ్లు పడుతుంది. అప్పటి ఫీజుల కోసమని ఆయన లక్ష రూపాయలు పక్కన పెట్టారు. బ్యాంకు డిపాజిట్ కంటే నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయేమోనని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్ పోర్టల్‌లో ఖాతా తెరిచి, పదేళ్ల కేంద్ర ప్రభుత్వ బాండు ఒకటి ఎంచుకున్నారు. కూపన్ 7 శాతం. కొన్న ధర ముఖవిలువకే, అంటే వందకు వంద. ఈల్డ్ కూడా 7 శాతమే.

బ్యాంకు ట్రెజరీలో పనిచేసే పాత క్లాస్‌మేట్‌కు ఈ మాట చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మంచిదేరా, గని పైసలెప్పుడు గావాలె నీకు?"

"అయిదేండ్లకు."

"మరి బాండు పదేండ్లది గదా. నీ ఏడు శాతం కాయితం మీది లెక్క. అయిదేండ్లకు నీ చేతికొచ్చేది వేరే లెక్క."

ఆ వేరే లెక్కకు బాండ్ల వ్యాపారంలో రియలైజ్డ్ కాంపౌండ్ ఈల్డ్ అని పేరు. మనం దాన్ని చేతికొచ్చే రాబడి అనుకుందాం. బాండు గడువు ఎంతన్నది కాదు, మన అవసరం ఎప్పుడన్నది ఇక్కడ ముఖ్యం. ఆ రోజున మన దగ్గర మొత్తం ఎంత పోగయింది, ఈ రోజు పెట్టింది అంత కావాలంటే ఏ రేటున చక్రవడ్డీగా పెరిగి ఉండాలి? ఆ రేటే అసలు రాబడి.

మరి తెరమీద కనిపించే 7 శాతం ఏమిటి? దాన్ని మెచ్యూరిటీ దాకా ఈల్డ్, పొట్టిగా వైటీఎం అంటారు. అది అబద్ధం కాదు గానీ, దాని వెనక పైకి చెప్పని రెండు షరతులున్నాయి. బాండును పదేళ్లూ చివరిదాకా ఉంచుకోవాలన్నది ఒకటి. మధ్యలో వచ్చే ప్రతి కూపన్‌నూ అదే 7 శాతానికి మళ్లీ పెట్టుబడి పెట్టాలన్నది రెండోది. మన లెక్చరర్ మొదటి షరతును కొన్న రోజే దాటేశారు. రెండోది ఆయన చేతిలో లేదు.

ఈ రెండో షరతు ఎంత బరువైనదో 1972లో అమెరికాలో సిడ్నీ హోమర్, మార్టిన్ లీబోవిట్జ్ రాసిన 'ఇన్‌సైడ్ ది ఈల్డ్ బుక్' బాండ్ల వ్యాపారులకు విడమరిచి చెప్పింది. అప్పటికి వాళ్లిద్దరూ సాలమన్ బ్రదర్స్‌లో పనిచేస్తున్నారు. వాళ్లు వేలుపెట్టి చూపించింది వడ్డీ మీద వచ్చే వడ్డీని. మన బాండుతోనే చూడండి. పదేళ్లు ఉంచుకుంటే అసలు లక్ష, కూపన్లు 70,000, మొత్తం 1,70,000. కానీ 7 శాతం వైటీఎం నిజం కావాలంటే చివర చేతిలో ఉండాల్సింది 1,98,979 రూపాయలు. మిగతా 28,979 ఎక్కడినుంచి రావాలి? కూపన్లను తిరిగి పెట్టినందువల్ల రావాలి. వాటిని అలమరలో దాచిపెట్టిన మనిషికి 7 శాతం బాండు ఇచ్చేది 5.38 శాతమే. ముప్ఫై ఏళ్ల బాండయితే ఇంకా తమాషా: చివరికి పోగయ్యే మొత్తంలో దాదాపు 60 శాతం వడ్డీ మీద వడ్డీయే. ప్రభుత్వం ఇస్తానన్నది అసలూ కూపన్లే. ఆ 60 శాతానికి హామీదారు ఎవరూ లేరు.

ఇప్పుడు లెక్చరర్ అయిదేళ్ల లెక్కకు వద్దాం. దీన్ని మూడు ముక్కలుగా చేసుకోవాలి: కూపన్లు, వాటి మీద సంపాదన, అయిదో ఏడు చివర బాండును అమ్మితే వచ్చే ధర.

కేంద్ర ప్రభుత్వ బాండ్లు కూపన్‌ను ఆరు నెలలకోసారి ఇస్తాయి. లక్ష మీద ఏడు శాతం అంటే అర్ధ సంవత్సరానికి 3,500. అయిదేళ్లలో పది కూపన్లు. వీటిని ఎంత రేటుకు మళ్లీ పెట్టగలరన్నది మొదటి ఊహ. వడ్డీరేట్లు కొంత దిగుతాయనుకుని ఏడాదికి 6 శాతం, అంటే ఆరు నెలలకు 3 శాతం అనుకుందాం. మొదటి కూపన్ ఆరో నెలలో చేతికొస్తుంది. అది ఇంకా నాలుగున్నరేళ్లు, అంటే తొమ్మిది అర్ధ సంవత్సరాలు పెరిగి 4,567 అవుతుంది. రెండోది ఎనిమిదిసార్లు పెరుగుతుంది, మూడోది ఏడుసార్లు. చివరి కూపన్ బాండు అమ్మిన రోజే వస్తుంది కాబట్టి 3,500గానే ఉంటుంది. పదింటినీ కలిపితే 40,124 రూపాయలు. ఇందులో 35,000 కూపన్లు, 5,124 వాటి మీద వచ్చిన వడ్డీ.

ఇక అమ్మే ధర. ఇక్కడే చాలామంది తడబడతారు. ప్రభుత్వ బాండు కదా, పెట్టిన లక్ష ఎక్కడికీ పోదు అనుకుంటారు. పోదు, కానీ ఆ హామీ పదో ఏడుకే. అయిదో ఏడు చివర కొనేవాడికి మీ చేతిలో ఉన్నది ఇంకా అయిదేళ్లు మిగిలిన, ఆరు నెలలకు 3,500 ఇచ్చే కాగితం. ఆ రోజు బజారులో అయిదేళ్ల ప్రభుత్వ బాండు మీద ఎంత ఈల్డ్ నడుస్తుంటే, ఆ ఈల్డ్ తనకు వచ్చేలా ధర కడతాడు. అది 6 శాతం అనుకుంటే, మిగిలిన పది కూపన్లనూ చివరి లక్షనూ ఆరు నెలలకు 3 శాతం చొప్పున వెనక్కి తగ్గించి లెక్కేస్తే 1,04,265 వస్తుంది. కొత్త బాండు 3,000 ఇచ్చేచోట మీది 3,500 ఇస్తోంది కాబట్టి ఆ ఎక్కువకు ముందే కట్టే వెల ఈ 4,265.

రెండూ కలిపితే 1,44,389. లక్ష అయిదేళ్లలో, అంటే పది అర్ధ సంవత్సరాల్లో, ఇంత అయింది. 1.44389కి పదో మూలం తీస్తే 1.03742. ఆరు నెలలకు 3.742 శాతం. బాండ్ల బజారు పద్ధతిలో దాన్ని రెట్టింపు చేస్తే 7.48 శాతం. ఇదే చేతికొచ్చే రాబడి.

కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ ఉన్నవాళ్లకు ఇది మూడు వరుసల పని:

```
B1: =FV(3%,10,-3500)
B2: =PV(3%,10,-3500,-100000)
B3: =2*(((B1+B2)/100000)^(1/10)-1)
```

మొదటి వరుస కూపన్ల కుండ, రెండోది అమ్మే ధర, మూడోది రాబడి. మొదటి వరుసలోని 3% కూపన్లను తిరిగి పెట్టే రేటు. రెండో వరుసలోని 3% అమ్మే రోజున నడిచే ఈల్డ్‌లో సగం. రెండూ ఇక్కడ ఒకటే అంకెగా ఉన్నా అవి రెండు వేర్వేరు ఊహలు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని అలాగే ఉంచవచ్చు, ఉంచి చూడాలి కూడా.

ఎందుకంటే రేట్లు దిగుతాయన్న ఊహ తలకిందులు కావచ్చు. రేట్లు 8 శాతానికి ఎక్కాయనుకోండి. కూపన్ల కుండ పెద్దదవుతుంది, 42,021. కానీ బాండు ధర 95,945కు పడుతుంది. మొత్తం 1,37,966, రాబడి 6.54 శాతం. ఇంతకంటే చెడ్డ దారి ఇంకోటుంది. అయిదేళ్లూ రేట్లు తక్కువగా ఉండి కూపన్లను 6 శాతానికే పెట్టాల్సొచ్చి, సరిగ్గా అమ్మబోయే ముందు ఈల్డ్ 8కి ఎగబాకితే రాబడి 6.26కు దిగుతుంది. కూపన్లు 8కి పెరిగి చివర్లో ఈల్డ్ 6కు పడిపోతే 7.75. అదృష్టవంతుడి లెక్క అది.

ఈ అంకెల్లో ఒక విషయం గమనించాలి. తిరిగి పెట్టే రేటు 6 అయినా 8 అయినా అయిదేళ్లలో తేడా 1,898 రూపాయలే. అమ్మే ధరలో తేడా మాత్రం 8,320. అయిదేళ్ల మనిషి పదేళ్ల బాండు కొంటే అతని భవిష్యత్తు దాదాపు అంతా చివరి రోజు ధరలో ఉంటుంది. కాబట్టి కూపన్లు ఏ రేటుకు పెట్టాలా అని జుట్టు పీక్కోవడం కంటే, అమ్మే రోజు ఈల్డ్ గురించి ఆలోచించడం మేలు.

ఆ ఈల్డ్‌ను ఊహించేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కొన్నది పదేళ్ల బాండు కాబట్టి, అయిదేళ్ల తర్వాత పదేళ్ల ఈల్డ్ ఎంతుంటుందని ఆలోచిస్తారు. అప్పటికి అది పదేళ్ల బాండు కాదు, అయిదేళ్లది. పోల్చాల్సింది అప్పటి అయిదేళ్ల ఈల్డ్‌తో. మామూలు కాలంలో చిన్న గడువుల ఈల్డ్ పెద్ద గడువుల కంటే తక్కువగా ఉంటుంది. ఈ రోజు పదేళ్లది 7, అయిదేళ్లది 6.6 అనుకుందాం. ఏమీ మారకుండా బజారు ఇలాగే అయిదేళ్లు నిలబడినా, మీ బాండు 7 వద్ద కాకుండా 6.6 వద్ద అమ్ముడుపోతుంది. ధర 1,01,680. వడ్డీరేట్లు కదలకపోయినా వచ్చే ఈ 1,680ని వ్యాపారులు వంపు దిగడం అంటారు. కాలం గడిచేకొద్దీ బాండు వక్రరేఖ మీద కిందికి జారుతుంది కనుక. ఏ గడువుకు ఎంత ఈల్డ్ నడుస్తోందో చూడటానికి ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ రోజూ ప్రకటించే లెక్కలున్నాయి. ఊహకు మొదటి మెట్టు అక్కడ వేయాలి. రిజర్వు బ్యాంకు తర్వాతి పాలసీలో ఏంచేస్తుందన్న టీవీ చర్చ రెండో మెట్టు, అదీ గట్టి మెట్టేమీ కాదు.

ఈ ఊహ ఎంత ఘోరంగా తప్పగలదో చెప్పడానికి పాత కథొకటి చాలు. 2020 మే నెలలో కొవిడ్ దెబ్బకు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతానికి దించింది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన పదేళ్ల బాండు పేరే 5.85% GS 2030. ఈల్డ్ 5.85 వద్ద దాన్ని వందకు కొని, రెండేళ్లకు డబ్బు కావాలనుకున్న మనిషిని ఊహించుకోండి. 2022 మే నుంచి రెపో పెరగడం మొదలైంది. 2023 ఫిబ్రవరికి 6.50కి చేరింది. 2022 చివరికి ఆ తరహా గడువుల ఈల్డ్ 7.3 శాతం దరిదాపుల్లో ఉంది. ఎనిమిదేళ్లు మిగిలిన ఈ బాండును 7.3కు లెక్కేస్తే ధర సుమారు 91.3. నాలుగు కూపన్లనూ 5 శాతానికి తిరిగి పెట్టాడనుకుంటే అవి 12.15. మొత్తం 103.5కు అటూ ఇటూ. రెండేళ్లకు చేతికొచ్చిన రాబడి ఏడాదికి సుమారు 1.7 శాతం. ప్రభుత్వం ఒక్క పైసా ఎగ్గొట్టలేదు, ఒక్క కూపన్ ఆలస్యం చేయలేదు. అయినా 5.85 కాస్తా 1.7 అయింది. అదే మనిషి 2030 దాకా ఆగగలిగితే వందకు వంద వస్తుంది, పైగా తర్వాతి కూపన్లు 5 కంటే మంచి రేట్లకు తిరిగి పెట్టుకునే అవకాశమూ దొరికింది.

ఆగగలిగితే, అన్న ఆ మాటలోనే ఈ లెక్క గుట్టుంది. రేట్లు పెరిగితే ధర పడుతుంది, కూపన్ల సంపాదన పెరుగుతుంది. తగ్గితే అటుది ఇటు. తక్కెడలో రెండు పళ్లాల్లాంటివి ఇవి. గడువు చిన్నదైతే ధర పళ్లెం బరువు, పెద్దదైతే కూపన్ల పళ్లెం బరువు. మధ్యలో ఎక్కడో రెండూ సరితూగే చోటుండాలి. మన 7 శాతం పదేళ్ల బాండుకు ఆ చోటు 7.35 ఏళ్లు, అంటే ఏడేళ్ల నాలుగు నెలల చిల్లర. దీన్ని డ్యురేషన్ అంటారు. ఫ్రెడరిక్ మెకాలే అనే ఆర్థికవేత్త 1938లో కట్టిన లెక్క. ఇదే బాండును ఏడున్నరేళ్లకు అమ్మితే ఏమవుతుందో చూడండి. కొన్న వెంటనే రేట్లు 6కు పడి అక్కడే ఉంటే చేతికొచ్చే రాబడి 6.99 శాతం, 8కి పెరిగి అక్కడే ఉంటే 7.03. రెండు శాతం ఎడం ఉన్న రెండు లోకాల్లో ఒకే ఫలితం! అదే పదేళ్లూ ఉంచుకుంటే కథ తిరగబడుతుంది: రేట్లు 6కు పడితే 6.74, 8కి పెరిగితే 7.27. మెచ్యూరిటీ దాకా ఉంచుకునేవాడికి రేట్లు పెరగడమే లాభం. ఈ సమతూకం రేట్లు ఒక్కసారి మారి ఊరుకున్నప్పుడే. పైకీ కిందికీ ఊగుతూ పోతే డ్యురేషన్ కూడా మారుతుంటుంది కనుక పెద్ద సంస్థలు తరచూ సరిచూసుకుంటాయి. లక్ష రూపాయల మనిషికి అంత పని కుదరదు, అక్కర్లేదు కూడా.

కుదరనిది ఇంకోటుంది, చాలా మామూలుది. రిటైల్ డైరెక్ట్‌లో ప్రభుత్వ బాండును 10,000 ముఖవిలువకు తక్కువగా కొనలేరు. మన లెక్చరర్‌కు ఆరు నెలలకోసారి వచ్చేది 3,500. దాన్ని అదే బాండులో తిరిగి పెట్టే దారే లేదు. మూడు కూపన్లు పోగయినా పది వేలు దాటి ఒక్క బాండు వస్తుందంతే, అదీ ధర వందకు అటూ ఇటూ ఉంటే. ఈలోగా డబ్బు ఎక్కడుంటుంది? కూపన్ నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కడే మరిచిపోతే? స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతా వడ్డీ 2025 జూన్ నుంచి 2.5 శాతం. పదేళ్లూ కూపన్లు ఆ ఖాతాలోనే పడుకుంటే 7 శాతం బాండు చేతికిచ్చేది సుమారు 5.9 శాతం. మెరుగైన దారి ఏమిటంటే, కూపన్ పడ్డ రోజే చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడం, లేదా లిక్విడ్ ఫండ్‌కు మళ్లించడం. అందుకే లెక్కలో తిరిగి పెట్టే రేటు రాసేటప్పుడు బాండ్ల ఈల్డ్ చూడకూడదు. మీ కూపన్ నిజంగా వెళ్లి కూర్చునే చోటి వడ్డీ చూడాలి. మూడు లక్షలు పెట్టినవాడికి కూపన్ 10,500 వస్తుంది కనుక అతని ఊహ వేరు.

అమ్మేటప్పుడు కూడా ఇలాంటి చిక్కే ఉంది. ప్రభుత్వ బాండ్ల అసలు బజారు బ్యాంకులది, బీమా కంపెనీలది. అక్కడ బేరాలు కోట్లలో. లక్ష రూపాయల బాండు పట్టుకెళితే కొనేవాడు కాస్త ఎక్కువ ఈల్డ్ అడుగుతాడు, అంటే తక్కువ ధర ఇస్తాడు. అయిదేళ్లు మిగిలిన మన బాండు మీద పదో వంతు శాతం ఎక్కువ అడిగినా ధర సుమారు 435 రూపాయలు పడుతుంది. ముందే ఊహలో 6 రాయకుండా 6.1 రాసుకుంటే సరి. కూపన్ తేదీల మధ్యలో అమ్మితే అప్పటిదాకా పోగైన వడ్డీ కొనేవాడు వేరే ఇస్తాడు. అది లాభం కాదు, మీదే. ధర మాత్రమే చూసి పోల్చేవాళ్లు దీన్ని మరిచిపోయి తక్కువ వచ్చిందని బాధపడుతుంటారు.

పన్ను గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది కుండకు చిల్లు పెట్టేది. కూపన్ ఏ ఏటికాయేడు ఆదాయంలో కలుస్తుంది. 20 శాతం స్లాబులో ఉన్న మనిషికి, సెస్సు పక్కన పెడితే, 3,500లో తిరిగి పెట్టడానికి మిగిలేది 2,800. వాటి మీద 6 శాతం వడ్డీకీ పన్ను కడితే మిగిలేది 4.8. ఏడాది దాటాక అమ్మినప్పుడు వచ్చే లాభం మీద 12.5 శాతం. ఇవన్నీ వేసి మొదటి లెక్కను తిరిగి చేస్తే 7.48 కాస్తా 6.09 అవుతుంది. బ్యాంకు డిపాజిట్‌తో పోల్చాలంటే దాన్నీ పన్ను పోగా చూడాలి. ఇంకోటి: బ్యాంకులు మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీ కలుపుతాయి, బాండ్ల లెక్క ఆరు నెలలది. బ్యాంకు 7 శాతం ఏడాదికి 7.19తో సమానం, బాండు 7 శాతం 7.12తో సమానం. చిన్న తేడానే, కానీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఒకే కొలతలోకి తేవాలి.

ఇన్ని ఊహలు ఎందుకు, అయిదేళ్ల అవసరానికి అయిదేళ్ల బాండే కొంటే పోదా అని మీకు అనిపించి ఉండాలి. సరైన ప్రశ్నే. 6.6 శాతం అయిదేళ్ల బాండును వందకు కొంటే అమ్మే ధర ఊహించే పనే లేదు. ప్రభుత్వమే లక్ష ఇస్తుంది. మిగిలేది కూపన్ల ఊహ ఒక్కటే. వాటిని 6కు పెడితే రాబడి 6.52, 8కి పెడితే 6.79. ఇరుకైన సందు, కానీ నేల గట్టి. కూపన్ల ఊహ కూడా వద్దనుకునేవాళ్లకు కూపన్లను విడదీసి అమ్మే స్ట్రిప్స్ మన దేశంలో 2010 నుంచి ఉన్నాయి. అయిదేళ్లకు ఒకే మొత్తం చేతికిచ్చే కాగితం అది. కొన్న రోజే చేతికొచ్చే రాబడి తేలిపోతుంది. చిన్న మదుపరికి అవి సులువుగా దొరకవన్నదే ఇబ్బంది.

పదేళ్లదా, అయిదేళ్లదా అన్నది తేల్చుకోవడానికి భవిష్యత్తును కనిపెట్టాల్సిన పనిలేదు. ప్రశ్నను తిరగేసి అడిగితే చాలు: అమ్మే రోజు ఈల్డ్ ఎంతదాకా పెరిగినా పదేళ్ల బాండు అయిదేళ్లదానికి తీసిపోకుండా ఉంటుంది? కూపన్లు రెండింటివీ 6.6కే తిరిగి పెట్టారనుకుందాం. అయిదేళ్ల బాండు చివరికి సుమారు 1,38,360 ఇస్తుంది. పదేళ్ల బాండు కూపన్లు, వాటి వడ్డీ కలిపి 40,680 అవుతాయి. అంటే బాండును 97,680కి అమ్మగలిగితే రెండూ సమానం. ఆ ధర 7.57 శాతం ఈల్డ్ దగ్గర వస్తుంది.

కాబట్టి లెక్చరర్ తనను తాను అడగాల్సింది రేట్లు ఎంతకు పోతాయని కాదు; ఈ రోజు 6.6 ఉన్న అయిదేళ్ల ఈల్డ్ ఇంకో అయిదేళ్లకు 7.57 దాటుతుందా అని. అమ్మేటప్పుడు పోయే పదో వంతును తీసేస్తే ఆ హద్దు 7.47 దగ్గరికొస్తుంది. 2020, 2022ల మధ్య రెండేళ్లలోనే ఈల్డ్ దాదాపు ఒకటిన్నర శాతం ఎక్కింది గనుక, ఆ హద్దు మరీ దూరమైనదేమీ కాదు. హద్దు ఇవతల ఉంటే ఆయనకు పదేళ్ల బాండు వల్ల కలిసొచ్చేది ఏడాదికి అర శాతమో ముప్పావు శాతమో. దాటితే, ఫీజు కట్టాల్సిన వారంలో ఆ లోటును బ్యాంకు ఖాతాలోంచో, చిట్టీలోంచో పూడ్చుకోవాలి.